షార్ట్ వీడియో చివర మొదటికే అతుక్కోవాలంటే: పెసరట్టు వీడియో మీద చర్చ

పెనం_కబుర్లు
అందరికీ నమస్తే. 22 సెకన్ల పెసరట్టు షార్ట్ ఒకటి ఉంది. నిలువు వీడియో, సెకనుకు 30 ఫ్రేములు. పెనం వేడెక్కడంతో మొదలై, అట్టు ప్లేట్లో పెట్టి పక్కన అల్లం పచ్చడి వేసి "మీరూ ఒకసారి చేసి చూడండి" అనడంతో అయిపోతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఏ సెకనులో ఎంతమంది చూస్తున్నారో చూపే గ్రాఫ్ 18వ సెకను దాకా బాగానే ఉండి, ప్లేటు కనబడగానే జారిపోతోంది. చూసేవాళ్లకి తెలియకుండా వీడియో మళ్లీ మొదటికి వెళ్లిపోయేలా చివర మార్చాలని ఉంది. మొదటి ఫ్రేమును కాపీ చేసి చివర అతికిస్తే అక్కడ బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయినట్టు కనిపిస్తోంది. ఎందుకలా?

రీల్స్_రాజు
చాలా తేలిక బ్రో. క్లిప్పును కాపీ చేసి రివర్స్ పెట్టేయండి. ముందుకు వెళ్లి వెనక్కి వస్తుంది కాబట్టి మొదలు, చివర ఒకటే అవుతాయి.

కోత_కూర్పు
రాజు గారూ, అది ఊయల, గడియారం లోలకం లాంటి వాటికి కుదురుతుంది. పెనం మీద కుదరదు. ఆవిరి కిందికి దిగుతుంది, పిండి గరిటెలోకి ఎగబాకుతుంది, రెండో క్షణంలోనే ఎవరికైనా తెలిసిపోతుంది. పైగా మాట ఉన్న వీడియోను తిప్పలేం కదా.

పెనం_కబుర్లు గారూ, మీ మొదటి ఫ్రేము చివర కూడా ఉంటే, వీడియో తిరిగి మొదలైనప్పుడు అదే బొమ్మ వరసగా రెండుసార్లు పడుతుంది. కదులుతున్న చెయ్యి ఒక్క ఫ్రేము ఆగినా కన్ను పట్టేస్తుంది. చివరి ఫ్రేము మొదటి ఫ్రేములాగే ఉండకూడదు, మొదటి ఫ్రేముకు సరిగ్గా ముందుది అయ్యుండాలి. అలాంటి ఫ్రేము ఎక్కడ దొరుకుతుందంటే, ఒకే టేకులో తీసిన షాట్‌లో.

అందుకని అతుకు కోసం విడిగా ఏమీ తయారుచెయ్యకండి. ఒక షాట్ ఆపకుండా తీసి, దాన్ని మధ్యలో కోసి, రెండో ముక్కను వీడియో మొదట్లో, మొదటి ముక్కను వీడియో చివర్లో పెట్టండి. వీడియో తిరిగి మొదలైనప్పుడు ఆ రెండు ముక్కలూ మళ్లీ కలుసుకుంటాయి. అతుకు దగ్గర అసలు కోత ఉండదు, అది కెమెరా చూసిన వరసే. కనబడే కోతలన్నీ వీడియో మధ్యలోకి వెళ్తాయి. వంట వీడియోలో మధ్యలో కోతలు ఉంటాయని అందరికీ అలవాటే, ఎవరూ పట్టించుకోరు.

మీ వీడియోకి కావాల్సిన షాట్ ఇది. అట్టు తీసేశాక ఖాళీ పెనం. చెయ్యి గిన్నెలో మునిగి, పైకి లేచి, పెనం మీద నీళ్లు చల్లుతుంది. చుయ్యిమంటుంది. తడిగుడ్డతో తుడుస్తారు. ఇదంతా ఆరేడు సెకన్లు, ఒకే టేకు, ఫోను స్టాండు మీద. ఎక్స్‌పోజరు, ఫోకసు లాక్ చెయ్యడం మరవొద్దు. ఆవిరి లేవగానే ఫోను వెలుతురు సర్దుకుంటుంది, ఆ మార్పు కోతలో దాగదు.

పెనం_కబుర్లు
అర్థమైంది. అంటే ప్లేటు షాట్ తీసెయ్యాలా? అట్టు తయారయ్యాక చూపించకపోతే ఎలా?

కోత_కూర్పు
చూపించండి, కానీ చివర కాదు. 14 నుంచి 16వ సెకను మధ్య అట్టు మడిచి ప్లేట్లోకి జారుస్తారు, పచ్చడి అప్పటికే ప్లేట్లో ఉంటుంది. కెమెరా ప్లేటు వెంట వెళ్లకుండా పెనం దగ్గరే ఉండిపోవాలి. ప్లేటు దగ్గర ఆగితే పని అయిపోయిందని కంటికి తెలిసిపోతుంది. ఖాళీ పెనం మాత్రం ఇంకో అట్టు వెయ్యమంటుంది. లోగో, "సబ్‌స్క్రైబ్ చెయ్యండి", సంగీతం మెల్లగా తగ్గిపోవడం, ఇవన్నీ ప్లేటు చేసే పనే చేస్తాయి.

మాట_మూట
బొమ్మ సంగతి సరే, మాట దగ్గరే చాలామంది దొరికిపోతారు. "చేసి చూడండి" అన్నప్పుడు గొంతు దిగుతుంది. గొంతు దిగిందంటే వాక్యం అయిపోయింది, వేలు స్క్రీను మీదికి వెళ్లిపోతుంది.

ఈ విషయంలో తెలుగు మనకి బాగా కలిసొస్తుంది. మన వాక్యంలో అసలు క్రియ చివర వస్తుంది, షరతు ముందు వస్తుంది. "రావాలంటే", "ఉండాలంటే" అన్న దగ్గర ఆపితే గొంతు పైకి లేచే ఉంటుంది, వినేవాడు మిగతా సగం కోసం ఆగుతాడు. ఆ మిగతా సగం మీ వీడియో మొదటి వాక్యమే కావాలి. మీ పెసరట్టుకి ఇలా రాయొచ్చు.

మొదటి వాక్యం: "పెనం మీద నీళ్లు చల్లగానే చుయ్యిమని ఆరిపోవాలి."

చివరి మాటలు: "ఒక అట్టు తీసేసరికి పెనం బాగా కాలిపోయి ఉంటుంది. రెండోది గరిటెకి చుట్టుకోకుండా పలచగా పరుచుకోవాలంటే..."

ఇందులో మోసం లేదు, నిజంగా వంటింట్లో జరిగేదే. పెనం మరీ కాలితే పిండి పోసిన చోటే బిగుసుకుని గరిటెతో పాటు లేచొస్తుంది, నీళ్లు చల్లి తుడిస్తే వేడి తగ్గి పరుచుకుంటుంది. మొదటిసారి వింటే అది వంట మొదలుపెట్టడం, రెండోసారి వింటే రెండో అట్టుకి జవాబు. రెండు అర్థాలకీ ఒకే వాక్యం సరిపోవాలి. "ఈరోజు మనం పెసరట్టు చేసుకుందాం" అని మొదలుపెడితే ఏ చివరా దానికి అతకదు.

రీల్స్_రాజు
చివర "ఎందుకంటే..." అని ఆపేస్తే సరిపోతుంది కదా? అందరూ అదే చేస్తున్నారు.

మాట_మూట
అందరూ చేస్తున్నారు కాబట్టే ఇప్పుడు అది వినగానే చూసేవాళ్లకి తెలిసిపోతోంది. ఇంకో చిక్కు కూడా ఉంది. "ఎందుకంటే" తర్వాత వచ్చేది కారణం, అది సాధారణంగా "కాబట్టి"తోనో "కనుక"తోనో ముగియాలి. మీ మొదటి వాక్యం కారణంలా లేకపోతే అతుకు దగ్గర అర్థం కుంటుతుంది. "వాలంటే" తర్వాత మాత్రం మామూలు సూచన వస్తే చాలు. వంట, కుట్టుపని, ముగ్గు లాంటి పని నేర్పే వీడియోలన్నిటిలో మొదటి వాక్యం ఎలాగూ సూచనే.

రికార్డింగు కూడా కోత_కూర్పు గారు షాట్‌కి చెప్పిన పద్ధతిలోనే. "పలచగా పరుచుకోవాలంటే, పెనం మీద నీళ్లు చల్లగానే చుయ్యిమని ఆరిపోవాలి" అని ఒకే ఊపిరిలో మూడు నాలుగుసార్లు చెప్పి, బాగున్నదాన్ని "అంటే" తర్వాత కొయ్యండి. విడివిడిగా చదివి అతికిస్తే స్వరం ఎత్తు కలవదు. మొదటి వాక్యం ఎప్పుడూ కొంచెం గట్టిగా, ఉత్సాహంగా వస్తుంది, చివరికొచ్చేసరికి గొంతు అలసి ఉంటుంది.

అలా కోశాక మొదటి వాక్యాన్ని ఒక్కదాన్నే, ఏమీ తెలియనివాళ్లకి వినిపించండి. "మధ్యలోంచి మొదలైందేంటి" అని వాళ్లంటే, మీరు "అంటే" తర్వాత మరీ తొందరగా అందుకున్నారని. ఇంకొంచెం ఆగి మళ్లీ చెప్పండి.

చప్పుడు_శాస్త్రి
శబ్దం గురించి ఒక మాట. ఆడియో ఫైలు ఏఏసీ అనే ఫార్మాటులో 1024 శాంపిళ్ల ముక్కలుగా ఉంటుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల రేటులో ఒక ముక్క అంటే సుమారు 21 మిల్లీసెకన్లు. 22 సెకన్లకి ముక్కలు సరిగ్గా సరిపోవు, చివరి ముక్కలో కొంత నిశ్శబ్దం నింపుతారు. అదే అతుకు దగ్గర చిన్న ఖాళీగా వినిపిస్తుంది. వీడియో నిడివిని 16 ఫ్రేముల గుణిజంగా పెట్టండి, ఉదాహరణకి 660 బదులు 656 ఫ్రేములు. అప్పుడు లెక్క సరిగ్గా కుదిరి ఖాళీ పోతుంది.

కోత_కూర్పు
లెక్క తప్పు లేదు శాస్త్రి గారూ, 16 ఫ్రేములకి సరిగ్గా 25 ముక్కలు పడతాయి. కానీ ఆ శ్రమ ఎక్కించేదాకానే నిలుస్తుంది. యూట్యూబ్ అయినా ఇన్‌స్టాగ్రామ్ అయినా ఫైలును మళ్లీ ఎన్‌కోడ్ చేస్తాయి. ఎన్‌కోడర్ తన వంతుగా మొదట్లో కూడా కొన్ని శాంపిళ్లు కలుపుతుంది. ఆపైన ఫోనులోని ప్లేయరు చివరి నుంచి మొదటికి దూకడానికి దాని టైము అది తీసుకుంటుంది, అది ఫోనును బట్టి మారుతుంది. ఆ ఖాళీని మనం పూర్తిగా తీసెయ్యలేం. అది పడినా వినబడని చోట అతుకు పెట్టుకోవడమే మన చేతిలో ఉన్నది.

మాట_మూట గారు రాసిన వాక్యం ఇక్కడ కూడా పనికొస్తుంది. "అంటే" తర్వాత ఎలాగూ ఊపిరి విరామం ఉంటుంది. మొదటి మాట "పెనం". ప అనడానికి పెదాలు మూసుకుంటాయి కాబట్టి ఆ అక్షరానికి ముందు సహజంగానే ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది. క, ట, త, ప లతో మొదలయ్యే మాట అతుకుకి మంచిది. స, శ తోనో, అచ్చుతోనో మొదలైతే మొదటి శబ్దం కొంచెం తెగినా తెలుస్తుంది.

విరామం మొత్తం 8 ఫ్రేములు ఉంచి, అందులో 5 వీడియో చివర, 3 మొదట్లో పెట్టండి. మొదట్లో అసలు ఖాళీ లేకపోతే కొన్ని ఫోన్లలో "పె" మింగేసి "నం మీద" అని వినిపిస్తుంది. మొత్తం విరామం అర సెకను దాటితే మాత్రం అక్కడ వాక్యం తెగిపోతుంది.

చప్పుడు_శాస్త్రి
సరే, ఎన్‌కోడింగ్ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. అయితే వెనకాల సంగీతం ఉంటే ఏం చేస్తారు? దానికి ఊపిరి విరామం ఉండదుగా.

కోత_కూర్పు
ఈ వీడియోకి సంగీతమే వద్దంటాను. పెనం చప్పుడు, ఎగ్జాస్ట్ ఫ్యాను హోరు చాలు, అతుకు దగ్గర అవి కూడా అదే టేకులోవి కాబట్టి తెగవు. తప్పదంటే నిడివిని సంగీతానికి కట్టాలి. నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు దెబ్బల ఆవర్తం అయితే ఒక్కో ఆవర్తం 2 సెకన్లు. 22 సెకన్లకి 11 ఆవర్తాలు పడతాయి, దెబ్బ కుదురుతుంది గానీ పాట నాలుగేసి ఆవర్తాల వరసలో నడిచేదైతే సగంలో తెగినట్టు ఉంటుంది. 24 సెకన్లకి 12 ఆవర్తాలు, అది కుదురుతుంది. చివరి దెబ్బ మోత కత్తిరించి వీడియో మొదటి సెకను కింద రెండో ట్రాకులో సన్నగా పెట్టాలి, లేకపోతే మోత గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది.

ఫ్రేము_ఫణి
కోత ఎక్కడ వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. కదలికలోనే వెయ్యాలి. చెయ్యి వేగంగా కిందికి వస్తున్నప్పుడు కోస్తే కన్ను కదలిక వెంట పోయి కోతను చూడదు. ఎడిటింగ్‌లో మొదట నేర్పేదే అది.

కోత_కూర్పు
ఫణి గారూ, మీరన్నది రెండు వేరువేరు షాట్లను కలిపేటప్పుడు నిజం. అక్కడ చెయ్యి ఎత్తు, వెలుతురు కాస్త తేడాగా ఉంటాయి, వేగం ఆ తేడాను కప్పేస్తుంది. ఇక్కడ ఒకే షాట్, కప్పడానికి తేడా ఏమీ లేదు. ఇక్కడ ఇబ్బందల్లా ప్లేయరు దూకేటప్పుడు చివరి ఫ్రేము రెండు మూడు ఫ్రేముల సేపు నిలబడిపోవడం. వేగంగా దిగుతున్న చెయ్యి నిలబడితే తడబాటు కనిపిస్తుంది. నిశ్చలంగా ఉన్న చెయ్యి ఇంకాస్త నిలబడితే ఎవరికి తెలుస్తుంది?

అందుకే నీళ్లు ముంచిన చెయ్యి పైకి లేచి, కిందికి తిరిగే ముందు గాలిలో ఒక లిప్త పాటు ఆగుతుంది చూడండి, అక్కడ కొయ్యాలి. ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ పోతే వేళ్ల చుట్టూ మసక తగ్గి, వేళ్లు స్పష్టంగా కనబడే రెండు మూడు ఫ్రేములు దొరుకుతాయి. ఆ మధ్యలో కోత. అప్పుడు వీడియో మొదటి ఫ్రేము, పెనం మీద ఎత్తిన చెయ్యి, వేలి చివర వేలాడుతున్న చుక్క. వెంటనే చెయ్యి దిగుతుంది, నీళ్లు చుయ్యిమంటాయి. మొదటి సెకనులోనే పని జరుగుతుంది.

ఫ్రేము_ఫణి
మొదటి ఫ్రేము నిశ్చలంగా ఉంటే స్క్రోల్ చేసేవాడు ఆగడు. అతుకు కోసం మొదలును బలి ఇవ్వడం నాకు నచ్చలేదు.

కోత_కూర్పు
ఆ నిశ్చలం మూడు ఫ్రేములే, సెకనులో పదోవంతు. అయినా మీ అనుమానం కాదనను. మొదలు బలహీనంగా అనిపిస్తే కోతను రెండు ఫ్రేములు ముందుకు జరిపి, చెయ్యి దిగడం అప్పుడే మొదలైన చోట పెట్టి చూడొచ్చు. తడబాటు ఎంత తెలుస్తుందన్నది చూసే ఫోనును బట్టి ఉంటుంది.

ముగ్గుల_వాకిలి
అన్నా, నాది ముగ్గుల ఛానెల్. నాకు ఈ పద్ధతి ఎట్ల పనిచేస్తది? అట్టు తీస్తే పెనం ఖాళీ అయితది. ముగ్గు వేసినంక నేల మళ్ల ఖాళీ కాదు కదా. చుక్కలతోని షురువైతది, నిండు ముగ్గుతోని అయిపోతది.

కోత_కూర్పు
చెల్లీ, నేలను మళ్లీ ఖాళీ చేసే పని మీ వాకిట్లో రోజూ జరిగేదే. తెల్లారి నిన్నటి ముగ్గు మీద కళ్లాపి చల్లి ఊడ్చి, కొత్త చుక్కలు పెడతారు. ఆ కళ్లాపే మీ అతుకు.

అయితే తీసే వరస మారాలి. ముందు కళ్లాపి చల్లిన నేల మీద ముగ్గు వేస్తూ మధ్యలో వచ్చే షాట్లన్నీ దగ్గరగా తియ్యండి. ముగ్గు పూర్తయ్యాక ఫోను స్టాండు మీద పెట్టి, నిండు ముగ్గు, దాని మీద కళ్లాపి, చీపురు, మళ్లీ మొదటి చుక్కలు, ఇదంతా ఆపకుండా ఒకే టేకులో తియ్యండి. మధ్యలో నీళ్లు ఇంకడానికి పట్టే నిమిషాలను స్పీడు పెంచి చూపించొచ్చు. తొందరపడి నిలిచిన నీళ్లలో పిండి పెడితే చుక్క చెదిరిపోతుంది. పిండి తీసుకున్న చెయ్యి మొదటి చుక్క పెట్టబోయి నేల మీద ఆగిన చోట కొయ్యండి.

ముగ్గుల_వాకిలి
నీడ సంగతేంది మరి? ముగ్గు అయ్యేసరికి గంట పడుతది, గోడ నీడ జరిగిపోతది.

కోత_కూర్పు
అతుకు ఒకే టేకు కాబట్టి అక్కడ నీడ జరగదు. జరిగేది మధ్యలో. మధ్య షాట్లు చెయ్యి, పిండి, నాలుగైదు చుక్కలు మాత్రమే కనబడేంత దగ్గరగా ఉంటే గోడ నీడ ఫ్రేములోకే రాదు. ఎండ ముదరకముందే అయిపోతే ఇంకా మంచిది. స్పీడు పెంచిన ముక్కలో మాత్రం నీడ పాకుతుంది, అక్కడ అది సహజమే.

పెనం_కబుర్లు
మీరు చెప్పినట్టు కోసి చూశాను, చెయ్యి చక్కగా కలిసింది. కానీ ఎగుమతి చేశాక చివర ఒక నల్ల ఫ్రేము మెరిసి పోతోంది. ఎడిటర్లో అది లేదు.

ఫ్రేము_ఫణి
మీ మాట ట్రాకు బొమ్మ ట్రాకు కంటే పొడుగ్గా ఉండి ఉంటుంది. బొమ్మ అయిపోయాక మిగిలిన ఆడియో కోసం ఎడిటర్ నల్ల ఫ్రేము నింపుతుంది. టైమ్‌లైన్ చివర పెద్దది చేసి చూస్తే ఆడియో ముక్క అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని బొమ్మ అంచుకి సమంగా కత్తిరించండి. కొన్ని యాప్‌లు వాటంతట అవే చివర ముగింపు క్లిప్పు కలుపుతాయి, అదీ తీసెయ్యండి. కంప్యూటర్లో ffmpeg ప్రోగ్రాం ఉంటే రెండు ట్రాకుల నిడివి ఈ ఆదేశంతో తెలుస్తుంది.

```
ffprobe -v error -show_entries stream=codec_type,duration -of csv=p=0 attu.mp4
```

రెండు నిడివుల మధ్య తేడా ఒక ఫ్రేము కంటే, అంటే 0.033 సెకను కంటే ఎక్కువుంటే అనుమానించండి. అతుకును వరసగా చూడాలంటే ఫైలును మూడుసార్లు కలిపి చూసుకోవచ్చు.

```
ffmpeg -stream_loop 2 -i attu.mp4 -c copy moodusarlu.mp4
```

మాట_మూట
అక్షరాలు కూడా చూసుకోండి. మొదటి ఫ్రేములో శీర్షిక ఎగిరి వచ్చే యానిమేషన్ ఉందంటే అతుకు మొత్తం వృథా. "పెసరట్టు పలచగా రావాలంటే" అని ఒకే చోట, ఒకే సైజులో, మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా కదలకుండా ఉంచండి. మాటల సబ్‌టైటిళ్లయితే "అంటే" అన్న చివరి ముక్క విరామం అంతటా ఉండి, "పెనం" వచ్చినప్పుడే మారాలి. ఆటోమేటిక్‌గా వచ్చే సబ్‌టైటిళ్లలో అతుకు దగ్గర ఒక ఖాళీ వస్తుంది, దాన్ని చేత్తో సర్దాలి.

పెనం_కబుర్లు
నల్ల ఫ్రేము పోయింది, శీర్షికా సర్దాను. ఇప్పుడు ఇంకో ప్రశ్న. లూపు నిజంగా పనిచేస్తోందని గ్రాఫులో ఎలా తెలుస్తుంది? వ్యూస్ పెరిగితే చాలా?

చప్పుడు_శాస్త్రి
వ్యూస్‌ని బట్టి తేల్చకండి. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో మొదలైనా, తిరిగి మొదలైనా వ్యూ కిందే లెక్క. పాత పద్ధతి లెక్కను ఎంగేజ్డ్ వ్యూస్ అని విడిగా చూపిస్తున్నారు, ఆదాయం లెక్కా దాని మీదే. లూపు వల్ల మొదటి అంకె పెరిగిందని సంబరపడితే రెండోది కదలకపోవచ్చు.

కోత_కూర్పు
గ్రాఫులో రెండు చోట్లు చూడండి. ఒకటి చివరి రెండు సెకన్లు. పాత వీడియోలో ప్లేటు దగ్గర ఉన్న జారుడు ఇప్పుడు లేకపోతే ముగింపు వాసన పోయినట్టే. రెండోది మొదటి నాలుగైదు సెకన్లు. తిరిగి చూసినవాళ్లు కూడా అందులో కలుస్తారు కాబట్టి అక్కడ గీత 100 శాతం పైన ఉండొచ్చు. అది ఏ సెకనులో కిందికి విరుగుతోందో చూడండి, చూసేవాడికి "ఇది ఇందాక చూశానే" అని తెలిసే చోటు అదే. సాధారణంగా మొదటి కోత దగ్గర, అంటే తుడవడం అయ్యి పిండి పోసే దగ్గర తెలుస్తుంది. తుడిచే షాట్‌ను ఇంకో సెకను సాగనిస్తే ఆ గుర్తింపు కొంచెం వెనక్కి జరుగుతుంది.

సగటు వీక్షణ శాతం 100 దాటినంత మాత్రాన అతుకు కుదిరిందని అనుకోవద్దు. అల్లం, పచ్చిమిర్చి ఎంత వేశారో అందక మళ్లీ చూసినవాళ్లూ అందులో ఉంటారు. అలాంటప్పుడు గీత అతుకు దగ్గర కాకుండా, ఆ దినుసులు కనబడే సెకన్ల దగ్గర ఉబ్బుతుంది.

ఫ్రేము_ఫణి
ఇంకో సంగతి కూడా ఉంది. షార్ట్స్‌లో కింద సన్నటి ఎర్ర గీత ఒకటి నడుస్తుంటుంది. అది చివరి నుంచి మొదటికి దూకడం చూసినవాడికి ఎంత మంచి అతుకైనా తెలిసిపోతుంది. దానికి మందు లేదు. కన్ను పెనం మధ్యలో ఉండేలా అతుకు సమయంలో చేతిని ఫ్రేము పైసగంలో ఉంచడమొక్కటే చెయ్యగలం.

పెనం_కబుర్లు
చెయ్యి ఇప్పుడు కింది మూలలోంచి వస్తోంది, గిన్నెను పెనం పైవైపుకి మార్చి మళ్లీ తీస్తాను. అన్‌లిస్టెడ్‌గా ఎక్కించి రెండు ఫోన్లలో చూశాను. ఒకదాంట్లో అతుకు అసలు తెలియలేదు. పాత ఫోనులో మాత్రం "అంటే" తర్వాత విరామం ఎక్కువైనట్టు అనిపించింది. 8 ఫ్రేముల్లో చివరివి 5 నుంచి 3కి తగ్గించనా?

మాట_మూట
తగ్గించండి, కానీ మొదట్లో ఉన్న 3 ముట్టుకోవద్దు. తగ్గించాక కొత్త ఫోనులో కూడా వినండి, అక్కడ "అంటే పెనం" కలిసిపోయి ఒకే మాటలా వినబడితే 4 దగ్గర ఆపండి.